వెనక్కి వెళ్లిన ఇన్‌కమ్ టాక్స్ రిఫండ్‌ను మళ్లీ రప్పించుకోవడం ఎలా?

రిటర్న్ వేశారు, వెరిఫై చేశారు, ప్రాసెస్ అయింది. ఇంత రిఫండ్ వస్తుందని మెయిల్ కూడా వచ్చింది. రోజులు గడుస్తున్నా ఖాతాలో మాత్రం పైసా పడలేదు. పోర్టల్ తెరిచి చూస్తే రిఫండ్ ఫెయిల్ అయిందని ఉంది. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని ఒకటే. కొత్త బ్యాంకు ఖాతా జత చేసి, ‘ఇక అదే వస్తుందిలే’ అని కూర్చుంటారు. అది రాదు.

ఖాతాను సరిచేయడం ఒక పని, వెనక్కి వెళ్లిన డబ్బును మళ్లీ పంపమని అడగడం ఇంకో పని. మొదటిది చేసినంత మాత్రాన రెండోది దానంతటదే జరగదు. మీరు కొత్త ఖాతా ఇచ్చారని చూసి, పాత రిఫండ్‌ను ఎవరూ అందులోకి మళ్లించరు. రీఇష్యూ రిక్వెస్ట్ అని విడిగా పెట్టాలి, దాన్ని వెరిఫై కూడా చేయాలి. అలాగని ఖాతా సరికాకుండా రిక్వెస్ట్ పెట్టడం కూడా కుదరదు. కాబట్టి ముందు ఖాతా, ఆ తర్వాతే రిక్వెస్ట్.

చెప్పేది సులువుగా అర్థం కావడానికి ఒక కేసు తీసుకుందాం. ఒక రిటైర్డ్ లెక్చరర్ అనుకోండి. ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద బ్యాంకు టీడీఎస్ ఎక్కువ కోసింది. 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరానికి గడువులోపే, ఆగస్టులో రిటర్న్ వేశారు. అక్టోబరులో, రిటర్న్ ప్రాసెస్ అయి లెక్క తేలిందని చెప్పే 143(1) ఇంటిమేషన్ వచ్చింది. రిఫండ్ 18,000 రూపాయలు, దాని మీద వడ్డీ 630, మొత్తం 18,630. రిటర్న్‌లో ఇచ్చింది ఉద్యోగంలో ఉన్నప్పటి జీతం ఖాతా. పెన్షన్ ఇంకో బ్యాంకుకు మారాక ఆ ఖాతాతో పనిలేక సెప్టెంబరులో మూసేశారు. పోర్టల్‌లో అది ఇంకా వాలిడేట్ అయిన ఖాతాగానే కనిపిస్తోంది. డబ్బు అక్కడికే వెళ్లింది, వెళ్లినట్టే తిరిగి వచ్చింది.

ముందు అసలు ఏం జరిగిందో చూసుకోండి

`https://www.incometax.gov.in` లో పాన్ నంబరు, పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వండి. పైన ఉన్న మెనూలో `e-File`, అందులో `Income Tax Returns`, అందులో `View Filed Returns` నొక్కండి. ఏ సంవత్సరం రిఫండ్ రాలేదో ఆ రిటర్న్ దగ్గర వివరాలు తెరిస్తే, వేసిన రోజు నుంచి ఇప్పటిదాకా ఏ దశలో ఏం జరిగిందో వరుసగా ఉంటుంది.

ఇక్కడ కాస్త నిదానంగా చదవాలి. ఎందుకంటే డబ్బు రాకపోవడానికి ఖాతా ఒక్కటే కారణం కాదు. రిటర్న్ వేసి వెరిఫై చేయడం మర్చిపోతే అది ప్రాసెస్‌కే వెళ్లదు. ప్రాసెస్ అయినా రిఫండ్ ఇంకా పంపకపోతే, అది వెనక్కి వెళ్లిన కేసు కాదు, ఇంకా బయల్దేరని కేసు. పాత సంవత్సరం పన్ను బకాయి ఏదైనా ఉంటే, సెక్షన్ 245 కింద నోటీసు ఇచ్చి రిఫండ్‌ను అందులోకి సర్దేస్తారు. ఈ మూడింటిలో దేనికీ రీఇష్యూ రిక్వెస్ట్ మందు కాదు. రిఫండ్ పంపించారు, అది ఫెయిల్ అయింది అని కనిపిస్తేనే ఈ దారి మీది.

ఇంకో సంగతి. పంపించాం అని ఉండి, ఫెయిల్ అయిందని ఎక్కడా లేకపోతే, ముందు మీ పాత ఖాతాలన్నీ చూసుకోండి. రెండేళ్లకు పైగా లావాదేవీలు లేక బ్యాంకు ఇన్‌ఆపరేటివ్‌గా మార్చిన ఖాతా వేరు, మూసేసిన ఖాతా వేరు. ఇన్‌ఆపరేటివ్ ఖాతాలో బయటి నుంచి వచ్చిన డబ్బు ఒక్కోసారి జమ అయిపోతుంది. మీరు తీసుకోలేరంతే. అలాంటప్పుడు వెళ్లాల్సింది పోర్టల్‌కు కాదు, బ్రాంచికి. కేవైసీ కాగితాలు ఇచ్చి ఖాతాను మళ్లీ తెరిపించుకుంటే డబ్బు అందులోనే ఉంటుంది.

ఎందుకు వెనక్కి వెళ్తుంది

2019 మార్చి 1 నుంచి ఆదాయపు పన్ను శాఖ రిఫండ్‌ను నేరుగా బ్యాంకు ఖాతాలోకే పంపుతోంది. ఇంటికి చెక్కు వచ్చే రోజులు పోయాయి. ఆ ఖాతాకు పాన్ లింక్ అయి ఉండాలి, ముందే పోర్టల్‌లో వాలిడేట్ అయి ఉండాలి. శాఖ తరఫున డబ్బు పంపే బ్యాంకు స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా. మీ ఖాతా ఏ బ్యాంకులో ఉన్నా పంపేది అక్కడి నుంచే.

వాలిడేషన్ అంటే ఏమిటో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. మీరిచ్చిన ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్, మీ పాన్, పేరు పట్టుకుని పోర్టల్ మీ బ్యాంకును అడుగుతుంది: ఈ ఖాతా ఉందా, నడుస్తోందా, ఈ పాన్ మనిషిదేనా అని. బ్యాంకు అవునంటే వాలిడేటెడ్ అని చూపిస్తుంది. అయితే అది ఆ రోజుకు నిజం. ఆ తర్వాత మీరు ఖాతా మూసేసినా, బ్రాంచి మారినా ఆ పాత ముద్ర అలాగే ఉండిపోవచ్చు. మన లెక్చరర్ గారికి జరిగింది ఇదే. వాలిడేటెడ్ అని పచ్చగా కనిపిస్తుంటే ఖాతా బతికే ఉందని ఎవరైనా అనుకుంటారు మరి.

పోర్టల్‌లో ఖాతాను చేర్చడం

కుడివైపు పైన మీ పేరు మీద నొక్కి `My Profile` లోకి వెళ్లండి. అక్కడ `My Bank Account` ఉంటుంది. ఇప్పటిదాకా మీరిచ్చిన ఖాతాలన్నీ అందులో కనిపిస్తాయి. వాలిడేషన్ ఫెయిల్ అయినవి విడిగా ఇంకో ట్యాబ్‌లో ఉంటాయి. ఆ ట్యాబ్‌ను తప్పకుండా తెరవండి, ఫెయిల్ కావడానికి కారణం అక్కడే రాసి ఉంటుంది.

కొత్త ఖాతా కోసం `Add Bank Account` నొక్కి ఖాతా నంబరు, ఖాతా రకం, ఐఎఫ్ఎస్‌సీ ఇవ్వాలి. ఐఎఫ్ఎస్‌సీ కొట్టగానే బ్యాంకు, బ్రాంచి పేర్లు వాటంతటవే వస్తాయి. వచ్చిన బ్రాంచి మీదేనా అని ఒకసారి చూసుకోండి. సేవింగ్స్, కరెంట్, క్యాష్ క్రెడిట్, ఓవర్‌డ్రాఫ్ట్, ఎన్ఆర్ఓ ఖాతాలు పనికొస్తాయి. లోన్ ఖాతా, పీపీఎఫ్ ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్ నంబరు ఇస్తే కుదరదు. డిపాజిట్ బాండు మీద ఉన్న నంబరును ఖాతా నంబరు అనుకుని కొట్టేవాళ్లు లేకపోలేదు.

`Validate` నొక్కాక కొన్ని బ్యాంకులకు నిమిషాల్లో అయిపోతుంది, కొన్నింటికి రోజులు పడుతుంది. పది పన్నెండు పనిదినాల దాకా ఆగొచ్చని పోర్టల్ చెబుతుంది. ప్రోగ్రెస్‌లో ఉందని చూపిస్తున్నంతసేపు అదే ఖాతాను తీసేసి మళ్లీ చేర్చడం లాంటివి చేయకండి.

అయ్యాక ఆ ఖాతా పక్కన `Nominate for Refund` అనే స్విచ్ ఉంటుంది. దాన్ని ఆన్ చేయండి. మూసేసిన పాత ఖాతా ఇంకా నామినేట్ అయి ఉంటే అక్కడ ఆఫ్ చేసి, ఆ ఖాతాను జాబితాలోంచి తీసేయండి. లేకపోతే వచ్చే ఏడాది రిటర్న్‌లో అది మళ్లీ ముందే నిండి వస్తుంది, మళ్లీ ఇదే గోల.

పాత ఖాతా బతికే ఉండి, బ్రాంచి మారడం లాంటి చిన్న మార్పు వల్ల ఫెయిల్ అయిందనుకోండి. అప్పుడు కొత్తగా చేర్చక్కర్లేదు. దాని పక్కనే `Re-Validate` ఉంటుంది. వివరాలు సరిచేసి అది నొక్కితే చాలు.

పేరు దగ్గర ఆగిపోతే

మన దగ్గర వాలిడేషన్ ఎక్కువగా తన్నేది ఇక్కడే. కారణం మన ఇంటిపేర్లు. పాన్ కార్డు తీసుకున్నప్పుడు ఇంటిపేరు పూర్తిగా రాసి ఉంటారు. బ్యాంకు ఖాతా తెరిచినప్పుడు క్లర్కు ఇంటిపేరును ఒక్క అక్షరంగా కుదించి ఉంటాడు. లేదా పాన్‌లో ఇంటిపేరు చివర, బ్యాంకులో మొదట. మనిషి కళ్లకు రెండూ ఒకటే. కంప్యూటరుకు కాదు.

మన కేసులోనూ అదే వచ్చింది. పెన్షన్ ఖాతాను చేర్చి వాలిడేట్ నొక్కితే రెండు రోజుల తర్వాత ఫెయిల్ అయిన ట్యాబ్‌లో తేలింది. పాన్ డేటాబేసులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. బ్యాంకులో ఇనిషియల్ మాత్రమే ఉంది. పైగా పేరులోని రెండు ముక్కల్ని బ్యాంకువాళ్లు కలిపి ఒకటే పదంగా కొట్టారు. నెలనెలా పెన్షన్ హాయిగా పడుతోంది కాబట్టి ఆయన ఎన్నడూ పట్టించుకోలేదు.

పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ. పాన్ పుట్టింటి పేరు మీద, ఖాతా అత్తింటి పేరు మీద ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు రెండింటినీ ఒకే పేరుకు తేక తప్పదు.

ఏది మార్చాలి, పాన్‌లో పేరా, బ్యాంకులో పేరా? పాన్‌లో పేరు ఆధార్‌లోని పేరుతో కలుస్తుంటే పాన్ జోలికి పోవద్దు, బ్యాంకులో మార్పించండి. పాన్‌ను కదిలిస్తే ఆధార్ లింకు, డీమ్యాట్, ఫండ్లు, అన్నీ కదులుతాయి. బ్యాంకులో అయితే ఒక ఖాతాతో పోతుంది. పాన్, ఆధార్ పేర్లే తేడాగా ఉంటే మాత్రం, ఏది అసలు పేరో తేల్చుకుని మిగతావన్నీ దాని దారికి తెచ్చుకోవాలి. అది కొంచెం పెద్ద పనే.

బ్రాంచికి వెళ్లేటప్పుడు పాన్, ఆధార్ ఒరిజినల్స్, జిరాక్సులు, పాస్‌బుక్కు తీసుకెళ్లండి. అక్కడ ‘రిఫండ్ రాలేదు’ అని మొదలుపెడితే ‘అది ఇన్‌కమ్ టాక్స్ వాళ్లనడగండి’ అని పంపేసే అవకాశం ఎక్కువ. అందుకే రిఫండ్ మాట ఎత్తకుండా రెండే అడగండి: ఖాతాలో నా పేరు పాన్‌లో ఉన్నట్టు మార్చండి, ఖాతాకు నా పాన్ లింక్ చేయండి. కేవైసీ అప్‌డేట్ ఫారం ఇస్తారు. అందులో పేరును పాన్‌లో ఉన్న వరుసలో, పాన్‌లో ఉన్న స్పెల్లింగుతో, ఉన్న ఖాళీలతో రాయండి. చేతిలో కాగితం లేకపోతే ఇలా ఒక చిన్న అర్జీ రాసుకుని వెళ్లొచ్చు:

“బ్రాంచి మేనేజర్ గారికి, మీ బ్రాంచిలో నాకు సేవింగ్స్ ఖాతా ఉంది. ఖాతాలో నా పేరు నా పాన్ కార్డులో ఉన్న పేరుతో కలవడం లేదు. పాన్ కార్డులో ఉన్నట్టుగా నా పేరు సరిచేసి, నా పాన్ నంబరును ఈ ఖాతాకు లింక్ చేయవలసిందిగా కోరుతున్నాను. పాన్, ఆధార్ కాపీలు జత చేశాను.”

కింద ఖాతా నంబరు, పాన్ నంబరు, ఫోన్ నంబరు, తేదీ, సంతకం. ఒక కాపీ మీద బ్రాంచి ముద్ర వేయించుకోండి.

మార్పు అయిందో లేదో నోటిమాట నమ్మి ఇంటికి రావద్దు. నెట్ బ్యాంకింగ్‌లో ప్రొఫైల్ తెరిస్తే పేరు, పాన్ చివరి అక్షరాలు కనిపిస్తాయి. అది లేకపోతే, కొత్తగా స్టేట్‌మెంట్ తీయించి పేరు చూసుకోండి. పాత పాస్‌బుక్కు మీద ఉన్న పేరును లెక్కలోకి తీసుకోకండి, అది ఎప్పుడో ప్రింట్ చేసింది. మారాక ఒకటి రెండు రోజులు ఆగి అప్పుడు పోర్టల్‌లో మళ్లీ వాలిడేట్ నొక్కండి.

జాయింట్ ఖాతా అయితే, మొదటి పేరు ఎవరిదో వాళ్ల పాన్‌తోనే వాలిడేట్ అవుతుందని అనుకోండి. భర్త మొదటి పేరుగా ఉన్న ఖాతాను భార్య రిఫండ్ కోసం ఇస్తే ఆగిపోయే అవకాశం ఉంది. దానితో కుస్తీ పట్టేకంటే సొంత పేరు మీద ఒక సేవింగ్స్ ఖాతా తెరుచుకోవడం తేలిక.

విలీనమైన బ్యాంకుల ఖాతాలు

తెలుగు రాష్ట్రాల్లో దీని గురించి విడిగా చెప్పాలి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో, అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిశాయి. గ్రామీణ బ్యాంకుల సంగతి ఇంకా తాజాది. ఆంధ్రప్రదేశ్‌లోని చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి గ్రామీణ బ్యాంకులు, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అన్నీ కలిసి 2025 మే 1 నుంచి ఒకే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. తెలంగాణలో ఉన్న గ్రామీణ వికాస్ బ్యాంకు బ్రాంచీలు అదే ఏడాది జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వెళ్లాయి.

ఇలా కలిసినప్పుడు ఖాతా పోదు, కానీ ఐఎఫ్ఎస్‌సీ మారుతుంది. ఆంధ్రా బ్యాంకు కోడ్ `ANDB` తో మొదలయ్యేది, ఇప్పుడు అదే బ్రాంచిది `UBIN` తో మొదలవుతుంది. కొన్ని విలీనాల్లో ఖాతా నంబరు కూడా మారింది. బీరువాలో ఉన్న పాత చెక్కుబుక్కు చూసి వివరాలు కొడితే వాలిడేషన్ కాదు. ఒకవేళ పోర్టల్‌లో పాత కోడ్‌తో ఎప్పటినుంచో ఉన్న ఖాతా కనిపిస్తుంటే, దాన్ని నమ్ముకోకుండా ఇప్పటి కోడ్‌తో మళ్లీ వాలిడేట్ చేయండి. ఇప్పటి కోడ్ కొత్త చెక్కుబుక్కు మీద, బ్యాంకు మొబైల్ యాప్‌లో, కొత్తగా తీసిన స్టేట్‌మెంట్ మీద ఉంటుంది.

రీఇష్యూ రిక్వెస్ట్ పెట్టడం

ఖాతా వాలిడేట్ అయింది కదా. ఇప్పుడు అసలు పని.

పై మెనూలో `Services` తెరిచి `Refund Reissue` నొక్కండి. ఇంతకుముందు పెట్టిన రిక్వెస్టులు ఉంటే అక్కడ కనిపిస్తాయి. మొదటిసారైతే ఖాళీగా ఉంటుంది. `Create Refund Reissue Request` నొక్కండి. ఫెయిల్ అయిన రిఫండ్‌లు అసెస్‌మెంట్ సంవత్సరం, మొత్తం, ఫెయిల్ అయిన కారణంతో సహా వస్తాయి. ఏది కావాలో టిక్ పెట్టి ముందుకు వెళ్లండి. రెండు మూడు సంవత్సరాలవి ఉంటే సంవత్సరం సరిచూసుకుని ఎంచుకోండి.

తర్వాత పేజీలో మీ ఖాతాలు వస్తాయి. వాలిడేట్ అయినదాన్నే ఎంచుకోవాలి. ఒకటికంటే ఎక్కువ ఉంటే, నెలనెలా డబ్బు వచ్చిపోయే ఖాతాను పెట్టండి. జీతం, పెన్షన్ లాంటివి పడే ఖాతా అయితే మంచిది. ఎప్పుడో తెరిచి జీరో బ్యాలెన్స్‌తో వదిలేసిన ఖాతా వాలిడేట్ అయి ఉన్నా, దాన్ని పెట్టకండి. డబ్బు వచ్చేలోపు అది ఇన్‌ఆపరేటివ్ కాదని ఎవరు చెప్పొచ్చారు?

ఆ తర్వాత `Proceed to Verification`. ఇక్కడ మూడు దారులు చూపిస్తుంది: ఆధార్ ఓటీపీ, ఈవీసీ అనే ఎలక్ట్రానిక్ వెరిఫికేషన్ కోడ్, డిజిటల్ సంతకం. ఆధార్‌కు లింక్ అయిన ఫోన్ దగ్గరుంటే ఆధార్ ఓటీపీయే అన్నింటికంటే సులువు. ఆ ఓటీపీ పావుగంట పనిచేస్తుంది. ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబరు ఇప్పుడు మీ దగ్గర లేకపోతే, నెట్ బ్యాంకింగ్ ద్వారా లాగిన్ అయి ఈవీసీతో చేయొచ్చు. లేదా ఆధార్ కేంద్రానికి వెళ్లి నంబరు మార్పించుకుని వచ్చి చేయాలి.

ఓటీపీ కొట్టాక రిక్వెస్ట్ విజయవంతంగా చేరిందని ఒక ట్రాన్సాక్షన్ ఐడీతో మెసేజ్ వస్తుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఈ మెసేజ్ రాకపోతే పని పూర్తి కానట్టే. ఖాతా ఎంచుకోవడం దాకా వచ్చి, ఓటీపీ దగ్గర సర్వర్ ఆగిపోయి, ‘పెట్టేశాం కదా’ అనుకుని వదిలేసే కేసులు తక్కువేం కాదు. మళ్లీ `Refund Reissue` పేజీకి వెళ్లి అక్కడ మీ రిక్వెస్ట్ కనిపిస్తోందో లేదో చూస్తే తేలిపోతుంది.

కొత్త రిక్వెస్ట్ నొక్కితే ఏమీ రాకపోతే

‘రికార్డులేవీ లేవు’ అన్నట్టు వస్తే కంగారు పడక్కర్లేదు. చాలాసార్లు డబ్బు బ్యాంకు నుంచి తిరిగి వెళ్లింది కానీ, ఆ సమాచారం పోర్టల్‌కు ఇంకా చేరలేదని అర్థం. కొన్ని రోజులాగి చూస్తే రికార్డు వస్తుంది. అప్పటికీ రాకపోతే, రిటర్న్ వివరాల్లోకి వెళ్లి అది నిజంగా ఫెయిల్ అయిందా, బకాయిలో సర్దేశారా అని మరోసారి చదవండి.

ఇంకో కారణం పాన్. ఆధార్‌తో లింక్ కాక పాన్ ఇన్‌ఆపరేటివ్ అయి ఉంటే రిఫండ్ ఇవ్వరు. 2023 జులై 1 నుంచి ఈ నియమం అమల్లో ఉంది. ఖాతా ఎంత సరిగ్గా ఉన్నా ఇక్కడ ఆగిపోతుంది. పైగా పాన్ అలా పడి ఉన్న కాలానికి రిఫండ్ మీద వడ్డీ కూడా రాదు. పోర్టల్ మొదటి పేజీలోనే ఆధార్ లింక్ స్టేటస్ చూసుకోవచ్చు. లింక్ కాలేదంటే రుసుము కట్టి లింక్ చేసి, అది అమల్లోకి వచ్చాకే మిగతా పనులు.

పెట్టాక ఎన్ని రోజులు, ఎంత వస్తుంది

అన్నీ సరిగ్గా ఉంటే సాధారణంగా రెండు మూడు వారాల్లో పడుతుంది. ఒక్కోసారి నెల దాటుతుంది. మధ్యలో రోజూ పోర్టల్ తెరవడం వల్ల ఒరిగేది లేదు, వారానికోసారి చూస్తే చాలు. లెక్చరర్ గారి కేసులో బ్రాంచి పని అయ్యాక పెన్షన్ ఖాతా వాలిడేట్ అయింది, రిక్వెస్ట్ పెట్టారు, అదే 18,630 పడిందనుకుందాం.

అదే మొత్తం ఎందుకు? 630 వడ్డీ ఎలా వచ్చిందో చూస్తే తెలుస్తుంది. గడువులోపు వేసిన రిటర్న్‌లో టీడీఎస్ రిఫండ్‌కు, అసెస్‌మెంట్ సంవత్సరం మొదలైన ఏప్రిల్ 1 నుంచి నెలకు అర శాతం లెక్కన సెక్షన్ 244ఏ కింద వడ్డీ ఇస్తారు. నెలలో కొంత భాగమైనా పూర్తి నెలగానే లెక్క. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఏడు నెలలు, అంటే మూడున్నర శాతం. 18,000 మీద 630. రిఫండ్ మొత్తం తేలిన పన్నులో పది శాతంకంటే తక్కువుంటే ఈ వడ్డీ ఉండదు. ఇక అక్టోబరు తర్వాత జరిగిన ఆలస్యం ఖాతా వల్ల వచ్చింది. మనవల్ల జరిగిన ఆలస్యానికి చట్టం వడ్డీ ఇవ్వదు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మూసేసిన ఖాతాను ఆరు నెలలు పట్టించుకోకపోతే, ఆ ఆరు నెలల నష్టం మనదే.

వచ్చిన 18,000 మీద మళ్లీ పన్ను లేదు, అది మన డబ్బే. 630 మాత్రం ఆదాయమే. అది అందిన సంవత్సరపు రిటర్న్‌లో ఇతర ఆదాయం కింద చూపించాలి.

నెల దాటినా రాకపోతే

స్టేటస్ మళ్లీ ఫెయిల్ అని మారిందేమో ముందు చూడండి. మారితే కారణం చదివి, ఖాతా సరిచేసి ఇంకో రిక్వెస్ట్ పెట్టుకోవచ్చు. రెండోసారి కూడా ఫెయిల్ అయితే అదే ఖాతాతో మూడోసారి ప్రయత్నించకుండా వేరే బ్యాంకు ఖాతా ఇవ్వడం నయం.

ఫెయిల్ కాలేదు, డబ్బూ రాలేదు అంటే పోర్టల్‌లోనే `Grievances` మెనూలో ఫిర్యాదు పెట్టండి. రిటర్న్ ప్రాసెస్ చేసేది బెంగళూరులోని సెంట్రలైజ్డ్ ప్రాసెసింగ్ సెంటర్, అంటే సీపీసీ కాబట్టి ఫిర్యాదు వాళ్లకే వెళ్లాలి. అక్కడ శాఖల జాబితాలో `CPC-ITR` ఎంచుకోండి. రాసేటప్పుడు కష్టాలన్నీ చెప్పుకోవద్దు. అసెస్‌మెంట్ సంవత్సరం, రిటర్న్ అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు, మొత్తం, రిక్వెస్ట్ పెట్టిన తేదీ, ట్రాన్సాక్షన్ ఐడీ, ఖాతా వాలిడేట్ అయి ఉందన్న మాట, ఇవి నాలుగు లైన్లలో ఉంటే చాలు. స్క్రీన్‌షాట్ జత చేయండి. ఫోన్‌లో అడగాలంటే హెల్ప్‌లైన్ నంబర్లు 1800 103 0025, 1800 419 0025.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. రిఫండ్ ఆగిన సంగతి మీకూ శాఖకే తెలుసని అనుకోకండి. ‘మీ రిఫండ్ మంజూరైంది, ఖాతా అప్‌డేట్ చేయండి’ అంటూ లింకుతో వచ్చే మెసేజ్‌లు ఆశగా ఎదురుచూసేవాళ్లకే బాగా తగులుతాయి. శాఖ ఎప్పుడూ ఫోన్‌లో గానీ, మెసేజ్‌లో గానీ కార్డు నంబరు, పిన్, ఓటీపీ అడగదు. మెసేజ్‌లో ఏమున్నా లింకు నొక్కకండి, మీరే పోర్టల్ పేరు కొట్టి లోపలికి వెళ్లి చూసుకోండి.

రిఫండ్ రావలసిన మనిషే లేకపోతే

తండ్రి చనిపోయాక ఆయన ఖాతా మూసేస్తారు, ఆ తర్వాత ఆయన పేరు మీద రిఫండ్ వెళ్లి తిరిగి వస్తుంది. ఇది అరుదేమీ కాదు. ఇలాంటప్పుడు ఆయన లాగిన్‌తో లోపలికి వెళ్లి పిల్లల ఖాతా చేర్చబోతే పాన్, పేరు కలవక వాలిడేషనే కాదు. వారసులు తమ సొంత లాగిన్‌లో `Authorised Partners` కింద ప్రతినిధిగా, అందులో లీగల్ హైర్‌గా నమోదు చేసుకోవాలి. మరణ ధ్రువపత్రం, చనిపోయినవారి పాన్, వారసుడి పాన్, వారసత్వాన్ని చూపే కాగితం జత చేయాలి. తహసీల్దారు ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ లాంటిది మన దగ్గర ఎక్కువగా వాడతారు. శాఖ ఆమోదించాక లీగల్ హైర్ ప్రొఫైల్‌లోకి మారి, అక్కడి నుంచి ఖాతా, రిక్వెస్ట్ పనులు చూసుకోవాలి. ఇంటి పెద్ద పోయిన హడావిడిలో అందరూ ముందు బ్యాంకుకే పరుగెత్తి ఖాతా మూయిస్తారు. ఆయన పేరు మీద రిఫండ్ రావలసి ఉందని తెలిస్తే, ఖాతా మూయించే ముందు ఆ సంగతి ఒకసారి ఆడిటర్‌తో మాట్లాడండి.